పెద్దవారితో ‘వెళ్లండి’ అంటే తప్పెక్కడ? వీడ్కోలు మాటల్లో క్రియ చివరలు

కొత్త_గుమాస్తా

అందరికీ నమస్కారం. పోయిన నెల మా కార్యాలయానికి పై విభాగం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పని ముగిశాక ఆయన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, ‘సరే సార్, మీరు ఇక వెళ్లండి, మిగిలింది నేను చూసుకుంటాను’ అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ‘వెళ్తానయ్యా, వెళ్లక ఇక్కడే ఉంటానా’ అని నవ్వి కారెక్కారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. ‘మీరు’ అన్నాను, ‘సార్’ అన్నాను, క్రియకు ‘అండి’ కూడా చేర్చాను. ఇక తప్పెక్కడ జరిగిందో నాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. వచ్చే వారం మా విభాగంలో ఒకే సభలో ఇద్దరికి వీడ్కోలు చెప్పాలి. ఒకరు పదవీ విరమణ చేస్తున్న మా పెద్ద ఇంజనీరు గారు. రెండో వ్యక్తి ఆరు నెలల శిక్షణ ముగించుకుని వెళ్తున్న అమ్మాయి, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. రోజూ ఆమెను ‘నువ్వు’ అనే పిలుస్తాను. నేను రాసుకున్న మాటలు ఇవి.

పెద్దాయనకు: ‘సార్ గారు మాకు ఎంతో నేర్పారు. ఆయన ఎప్పుడూ ఎవరి మీదా కోప్పడేవాడు కాదు. సార్, మీకు మా ఆశీస్సులు. మీరు ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు. వెళ్లి రండి. మళ్లీ కలుద్దాం.’

అమ్మాయికి: ‘మీరు చాలా బాగా పని చేశారు. ఇక మీకు సెలవు.’

దయచేసి దిద్దండి.

అండీగారు

ఇందులో అంత ఆలోచించవలసింది ఏమీ లేదు. పెద్దవారితో మాట్లాడేటప్పుడు ప్రతి క్రియకూ చివర ‘అండి’ చేర్చాలి, చిన్నవారితో అది తీసేయాలి. ‘వస్తానండి’ పెద్దలకు, ‘వస్తాను’ చిన్నలకు; ‘వెళ్లండి’ పెద్దలకు, ‘వెళ్లు’ చిన్నలకు. మీరు పెద్దాయనతో అన్న మాటలో వ్యాకరణ దోషం ఏమీ లేదు కాబట్టి, ఆయన నవ్వును మీరు అతిగా ఊహించుకుంటున్నారని నా అభిప్రాయం.

సెలవు_చీటీ

మా కార్యాలయంలో సెలవు కోరుతూ రాసే ఉత్తరంలో ‘నాకు రెండు రోజుల సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అని రాయడం ఆనవాయితీ. మీరు కూడా అలాగే రాస్తే సరిపోతుంది. శిక్షణకు వచ్చిన అమ్మాయికి సెలవు మంజూరు చేసే అధికారం మీకు ఉందో లేదో ముందుగా కనుక్కోండి.

పాత_ప్రూఫురీడరు

సెలవు చీటీ గారూ, ఆయన అడిగింది ఆ సెలవు గురించి కాదు. అయినా మీరు పొరపాటున ముఖ్యమైన తీగనే లాగారు, దాని దగ్గరకు తరువాత వస్తాను.

ముందు అండీగారి మాట చూద్దాం. ‘వస్తానండి’లోనూ ‘వెళ్లండి’లోనూ చెవికి వినబడే ‘అండి’ ఒక్కటే అయినా, అవి చేసే పనులు వేరు. ‘వెళ్లండి’లోనిది క్రియకు తప్పనిసరి ప్రత్యయం. అది ‘మీరు’ అనే కర్తకు సరిపడే రూపం, అందుకే అందులో గౌరవంతో పాటు బహువచనం కూడా ఉంది. బడి వదిలాక ఉపాధ్యాయుడు పిల్లలందరితో ‘ఇక ఇళ్లకు వెళ్లండి’ అంటాడు. అక్కడ అతను పిల్లలను గౌరవించడం లేదు, వాళ్లు పదిమంది ఉన్నారు కాబట్టి అలా అన్నాడు. ‘వస్తానండి’లోని ‘అండి’ అలాంటిది కాదు. ‘వస్తాను’ అనే క్రియ నాతో పొత్తు పెట్టుకున్నదే కానీ, ఎదుటివారు పెద్దా చిన్నా అన్నది దానికి పట్టదు. ముఖ్యమంత్రితో అన్నా, మూడేళ్ల పాపతో అన్నా నా రాక ‘వస్తాను’గానే ఉంటుంది. అందుకే ఎదుటివారి పట్ల మర్యాదను పైనుంచి విడిగా తగిలించుకోవలసి వస్తుంది. ఆ తగిలించేది ‘అండి’ కావచ్చు, ‘సార్’ కావచ్చు, ‘అన్నా’ కావచ్చు, చనువుంటే ‘రా’ కావచ్చు. పదిమంది పిల్లలతో ‘వస్తానండి’ అని ఎవరూ అనరని గమనించండి. వాళ్లతో ‘వస్తానర్రా’ అంటాం. రెండు ‘అండి’లూ ఒకటి కావనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక మీ పెద్దాయన నవ్వు సంగతి. ‘వెళ్లండి’ అన్నప్పుడు క్రియ చివర మర్యాదగానే ఉంది, కానీ ఆయన ఎప్పుడు బయలుదేరాలో మీరు తేల్చేశారు. పైగా ‘ఇక’ అని కూడా చేర్చారు. ఆ మాట వినగానే ‘మీతో పని అయిపోయింది’ అనే అర్థం వస్తుంది. వీడ్కోలులో క్రియ చివర ఏముందన్నది రెండో ప్రశ్న. వెళ్లే సంగతి ముందుగా ఎవరి నోట వచ్చిందన్నది మొదటి ప్రశ్న. పెద్దవారు ‘వస్తాను మరి’ అన్నాక ‘మంచిదండి, వెళ్లి రండి’ అంటే అది బదులు అవుతుంది. వారు అనకముందే మీరు ‘వెళ్లి రండి’ అంటే, ఎంత గౌరవంగా పలికినా అది తరిమివేతే.

గోదారి_గట్టు

రెండు ‘అండి’లు వేరన్న మాటకు మా వైపు నుంచి ఇంకో సాక్ష్యం చెబుతాను. మా ఇంట్లో పెద్దలు చుట్టాలను సాగనంపేటప్పుడు ‘వెళ్లి రండండీ’ అనేవారు. చిన్నప్పుడు అది నత్తి అనుకునేవాణ్ని. మొదటి ‘అండి’ క్రియది, రెండోది మర్యాదది అని ఈ రోజు మీ వల్ల అర్థమైంది.

కొత్త_గుమాస్తా

చాలా స్పష్టంగా ఉందండి. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ రోజు ఆయన రైలుకు ఆలస్యం అవుతోంది, ఆయన మాత్రం మాటల్లో పడిపోయారు. ఎవరో ఒకరు గుర్తు చేయాలి కదా. అలాంటప్పుడు నేను ఏమనాలి?

పాత_ప్రూఫురీడరు

ఆయనను కర్తగా పెట్టి క్రియ వాడకండి. చుట్టూ ఉన్న సంగతి చెప్పండి. ‘సార్, బండి గుమ్మం ముందుకు వచ్చిందండి’ అంటే చాలు, లేవడం ఆయన నిర్ణయంగానే మిగులుతుంది. ‘మీకు ఆలస్యమవుతోందేమోనండి’ అన్నా మంచిదే. ఆ ‘ఏమో’ మీ తొందరను సందేహంగా మారుస్తుంది. ‘మీరు ఇక వెళ్లవచ్చు’ అని మాత్రం అనకండి. కొందరు ‘వచ్చు’ చేర్చితే మాట మెత్తబడుతుందనుకుంటారు. నిజానికి ‘వెళ్లండి’ కంటే అదే గట్టి దెబ్బ, ఎందుకంటే అది అనుమతి. అనుమతి ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది.

మీ ఉపన్యాసంలో ‘మీరు ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు’ అన్న వాక్యానికీ ఇదే జబ్బు. ముప్పై ఏళ్లకు పైగా పని చేసిన మనిషికి విశ్రాంతి తీసుకునేందుకు మీరు అనుమతి ఇస్తున్నట్టుంది. ‘మీ విశ్రాంత జీవితం హాయిగా సాగాలని కోరుకుంటున్నాము’ అంటే కోరిక మీది, జీవితం ఆయనది అవుతుంది.

సెలవు చీటీ గారు లాగిన తీగ ఇదే. ‘సెలవు’ అంటే మొదట అనుమతి. చిన్నవారు సెలవు తీసుకుంటారు, పెద్దవారు సెలవు ఇస్తారు. ‘సెలవు ఇప్పించండి’ అంటే వెళ్లే చిన్నవాడు పెద్దవారిని అడగడం. ‘ఇవ్వండి’ అనకుండా ‘ఇప్పించండి’ అనడంలో ఇంకాస్త దూరం పాటించడం ఉంది. ‘సెలవు తీసుకుంటానండి’ కూడా చక్కటి మాటే. ఒక్క ‘సెలవు’ అని ఊరుకుంటే అది సమానుల మధ్య పనికొస్తుంది. ఆ అమ్మాయితో మీరు ‘ఇక మీకు సెలవు’ అంటే మాత్రం, ఉద్యోగం నుంచి తీసేసినట్టు వినబడుతుంది.

పోయొస్త

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ‘అండి’ లేకపోతే మర్యాదే లేదన్నట్టు మాట్లాడుకోవడం మాకు కొంచెం బాధ కలిగిస్తుంది. తెలంగాణలో మేము పెద్దవారితో ‘పోయొస్త సార్’, ‘వస్త అన్నా’ అంటాం. సాగనంపేటప్పుడు ‘పోయి రాండ్రి’ అంటాం. మా నాయనను నేను ‘నువ్వు’ అంటాను, ఆయన ముందు మాత్రం ఏనాడూ గొంతు పెంచలేదు. మొదటిసారి వేరే ప్రాంతంలో ఉద్యోగంలో చేరినప్పుడు, పై అధికారితో ‘వస్త సార్’ అన్నందుకు, నాకు మర్యాద తెలియదని పక్క బల్ల మీది మిత్రుడు వెనకాల అన్నాడట. ‘సార్’ అన్న మాటను అతను లెక్కలోకే తీసుకోలేదు.

పాత_ప్రూఫురీడరు

మీ బాధ సబబైనదే. నేను ఇందాక ‘తగిలించేది అండి కావచ్చు, సార్ కావచ్చు, అన్నా కావచ్చు’ అన్నది అందుకే. ‘వస్త సార్’లో మర్యాద ‘సార్’ మీద నిలబడింది, దానికి ‘అండి’ ఊత అక్కరలేదు. ‘వస్తాను’లోని చివరి ‘ను’ను మాటలో మింగేయడం కూడా అగౌరవం కాదు. రాతలో మాత్రం పూర్తి రూపం రాస్తేనే నిండుగా ఉంటుందని నా అలవాటు చెబుతుంది. ‘పోయి రా’ అన్న మాటకు కోస్తాలో కొన్ని ఇళ్లలో ఉలిక్కిపడేవారు ఉంటారు, ఎందుకంటే అక్కడ ‘పోవు’ చావును గుర్తు చేస్తుంది. మీ దగ్గర అది మామూలు క్రియ. ఎవరి చెవితో వింటున్నామన్నదాన్ని బట్టి తీర్పు మారుతుంది.

అల్లుడి_అత్త

ఇక్కడ అందరూ వయసునూ హోదానూ కలిపి మాట్లాడుతున్నారు. మరి నా సంగతి వినండి. మా అల్లుడు నాకంటే ఇరవై ఏడేళ్లు చిన్నవాడు. అయినా అతనితో ‘వెళ్లి రండి బాబూ’ అనే అంటాను, అమ్మాయితో మాత్రం ‘వెళ్లి రా తల్లీ’ అంటాను. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కుతారు. అప్పుడు నా నోట్లోంచి ‘వెళ్లి రండి’ ఒక్కసారే వస్తుంది, అది ఇద్దరికీ సరిపోతుంది. ఫోనులో మాత్రం చిక్కు. అల్లుడు ‘ఉంటాను అత్తయ్య గారూ’ అంటే నేను ‘ఉంటాను బాబూ’ అంటాను. ‘ఉండండి’ అని అనాలా? అలా అంటే ఫోను పెట్టొద్దని చెప్పినట్టు అవుతుందేమోనని నా భయం.

పాత_ప్రూఫురీడరు

మీరు అంటున్నదే సరైనదండి. ‘ఉంటాను’ అని ఒకరంటే ‘ఉంటాను’, ‘మంచిది’, ‘సరేనండి’ అన్నవే బదులు. ‘ఉండండి’ అంటే ఆగమనే అర్థం వస్తుంది, మీ భయం నిజమే. అల్లుడి విషయంలో మీరు చెప్పింది ఈ చర్చకు చాలా అవసరం, ఎందుకంటే అక్కడ వయసు తగ్గినా వరుస పెంచుతుంది. అలాగే వయసులో పెద్దవాడైన అటెండరుతో చిన్న వయసు అధికారి ‘వెళ్లి రండి’ అనాలి. పెద్దా చిన్నా అన్నది వయసు, వరుస, హోదా అనే మూడు తూకాల మీద తేలుతుంది. ఏ రెండు తగవు పడినా ‘మీరు’ వైపు మొగ్గడం క్షేమం.

కొత్త_గుమాస్తా

అయితే ఆ అమ్మాయిని సభలో ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? రోజూ ‘నువ్వు’ అని పిలిచి ఆ ఒక్క రోజు ‘మీరు’ అంటే బాగుండదేమో అనిపిస్తోంది. పదిమంది ముందు ‘నువ్వు’ అన్నా బాగుండదేమో అనిపిస్తోంది.

అండీగారు

సభ కాబట్టి ‘మీరు’ అనే అనాలి. సభా మర్యాద అన్నది ఒకటుంది.

గోదారి_గట్టు

నేను ఒప్పుకోను. మా మేష్టారు నన్ను పదేళ్లు ‘ఒరేయ్’ అన్నారు. ఒకసారి నా మీద కోపం వచ్చి ‘మీరు పెద్దవారైపోయారు, మాతో ఏం పని’ అన్నారు. ఆ ‘మీరు’ తగిలినంతగా ఏ తిట్టూ తగలలేదు. హఠాత్తుగా వచ్చే ‘మీరు’ దగ్గరవాళ్లను దూరం పెడుతుంది.

పాత_ప్రూఫురీడరు

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, అందుకే దీనికి దొడ్డిదారి వెతకాలి. సభవైపు తిరిగి ఆమె గురించి చెప్పేటప్పుడు ప్రథమ పురుషలో గౌరవ రూపం వాడండి: ‘ఈ ఆరు నెలల్లో ఈమె అన్ని పనులూ నేర్చుకున్నారు.’ ఇక్కడ స్త్రీల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గౌరవం తీసేస్తే మగవాడికి ‘నేర్చుకున్నాడు’ అని మనిషికి తగిన రూపం మిగులుతుంది. ఆడమనిషికి ‘నేర్చుకుంది’ అనే రూపం మిగులుతుంది, కుర్చీ విరిగినా ‘విరిగింది’ అనే అదే రూపం. ‘మేడం వచ్చింది’ అన్న మాట చాలామంది చెవులకు ‘సార్ వచ్చాడు’ కంటే కటువుగా తోచడానికి కారణం ఇదేనేమో అని నాకు అనిపిస్తుంది. అందుకని సభలో ‘నేర్చుకున్నారు’ అనండి.

తరువాత ఆమె వైపు తిరిగి ఒక్క వాక్యంలో ముగించండి: ‘వెళ్లి రామ్మా, జాగ్రత్త.’ అందులో ‘నువ్వు’ అనే సర్వనామం లేదు. క్రియ ఏకవచనమే అయినా ‘అమ్మా’ దాని అంచును మెత్తబరుస్తుంది. ఎనిమిదేళ్లు పెద్దవారు కాబట్టి ఆ మాట మీకు చెల్లుతుంది. ఒకటి రెండేళ్లే తేడా ఉండి ఉంటే ‘అమ్మా’ అనడం పెద్దరికం మీద వేసుకున్నట్టు ఉండేది.

ఇక పెద్దాయన మాటలు. ‘సార్ గారు’లో ‘గారు’ వదిలేయండి, రెండు కిరీటాలు ఒక తలమీద నిలవవు. ‘ఆశీస్సులు’ పూర్తిగా తీసేయండి. అవి ఆయన మీకు ఇవ్వవలసినవి. ‘మీ ఆశీస్సులు మాకు ఎప్పుడూ ఉండాలి’ అని తిప్పి రాస్తే చక్కగా అమరుతుంది. ‘మళ్లీ కలుద్దాం’లో ‘దాం’ ఆయననూ మీ నిర్ణయంలోకి లాగుతుంది, సమానులకు అది మంచి మాటే. పెద్దవారితో ‘అప్పుడప్పుడు వచ్చి మిమ్మల్ని కలుస్తుంటాము’ అనండి, రావడం మీ వంతు అవుతుంది. ‘కోప్పడేవాడు కాదు’ అన్నది ‘కోప్పడేవారు కారు’ కావాలి.

పోయొస్త

‘కోప్పడేవారు కాదు’ అంటే తప్పా? నేను ఎక్కడా ‘కారు’ అని వినలేదు. సభలో ‘కారు’ అంటే వెనక బెంచీవాళ్లు బయట నిలిపిన కారు గురించి అనుకుంటారు.

పాత_ప్రూఫురీడరు

నవ్వించారు. ‘కాను, కావు, కాడు, కాదు, కాము, కారు’ అని ఆ క్రియ కర్తను బట్టి మారుతుంది, అందుకే నేను ‘కారు’ అని దిద్దుతాను. మాట్లాడేటప్పుడు అన్నిటికీ ‘కాదు’ ఒక్కటే వాడడం బాగా పాతుకుపోయిందని కూడా ఒప్పుకుంటాను.

అండీగారు

వాడుకలో పాతుకుపోయినదాన్ని దిద్దడం ఎందుకు? ఆ లెక్కన ‘ఆయన వచ్చాడు’ అన్నది కూడా తప్పనాలి. మా తాతగారు తన అన్నగారి గురించి చెప్పేటప్పుడు ఎంతో ప్రేమగా ‘ఆయన వచ్చాడు’ అనేవారు.

పాత_ప్రూఫురీడరు

అది తప్పని నేను అనలేదండి. ‘ఆయన’ అన్న మాటలోనే గౌరవం ఉందనుకునే తరానికి క్రియ ‘డు’తో ముగిసినా లోటనిపించలేదు. ఇప్పటివారికి ‘ఆయన వచ్చారు’ అంటే తప్ప తృప్తి లేదు. ఈ విషయంలో నేనే ఒక పేజీలో ఒకలా, మరో పేజీలో మరోలా వదిలేసిన రోజులున్నాయి.

కొత్త_గుమాస్తా

అందరి మాటలూ కలుపుకుని తిరగరాశాను.

‘సార్ మాకు ఎంతో నేర్పారు. ఎవరి మీదా కోప్పడగా మేము ఎరుగము. సార్, మీ ఆశీస్సులు మాకు ఎప్పుడూ ఉండాలి. మీ విశ్రాంత జీవితం హాయిగా సాగాలని కోరుకుంటున్నాము. అప్పుడప్పుడు వచ్చి మిమ్మల్ని కలుస్తుంటాము.’

‘కాదు’నూ ‘కారు’నూ రెండింటినీ తప్పించుకున్నాను. ‘వెళ్లి రండి’ని ఉంచాలా తీసేయాలా తేల్చుకోలేకపోయాను. పదవీ విరమణ చేసిన మనిషిని మళ్లీ ఉద్యోగానికి రమ్మన్నట్టు ఉంటుందా?

అల్లుడి_అత్త

ఉంచండి బాబూ. ‘వెళ్లి రండి’లో రావడం ఉద్యోగానికి కాదు, మనుషుల దగ్గరకు. వట్టి ‘వెళ్లండి’ అంటే మనసు ఒప్పుకోదు కదా.

పాత_ప్రూఫురీడరు

మాట మంచిదే, చోటు మాత్రం ఉపన్యాసం కాదు. వేదిక మీద అంటే మళ్లీ మీరే ముందుగా పంపించినట్టు అవుతుంది. సభ ముగిసి, ఆయన గుమ్మం దగ్గర ‘వస్తానయ్యా’ అన్నప్పటి కోసం దాచుకోండి.

కొత్త_గుమాస్తా

సభ నిన్న జరిగింది. గుమ్మం దగ్గర ఆయన ‘వస్తాను’ అనే దాకా నోరు కట్టుకుని నిలబడ్డాను, అన్నాక ‘మంచిది సార్, వెళ్లి రండి’ అన్నాను. అంతవరకు బాగానే ఉంది. ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగి ‘మళ్లీ కలుద్దామయ్యా’ అన్నారు. నాకు ఏమనాలో తోచలేదు. ‘కలుద్దాం’ అంటే సమానం అయిపోతానేమోనని నమస్కారం పెట్టి ఊరుకున్నాను. అమ్మాయి మాత్రం ‘వస్తాను సార్’ అంటే కంగారులో ‘రండి’ అనేశాను, ఆమె నిజంగానే లోపలికి వచ్చి ఏమిటని అడిగింది.

పాత_ప్రూఫురీడరు

ఆయనే ‘కలుద్దాం’ అని మిమ్మల్ని కలుపుకున్నారు కాబట్టి ‘తప్పకుండానండి’ అని ఉండవలసింది.

పోయొస్త

‘తప్పకుండ సార్’ అన్నా సరిపోయేది.